అన్నిటికీ ఓకే వచ్చింది, పాతిక వేలు మాత్రం తేలలేదు

ప్రశ్న: గుంటూరులో ఎలక్ట్రికల్ సామాన్ల హోల్‌సేల్ షాపులో అకౌంట్లు చూస్తున్నాను. చేరి ఎనిమిది నెలలైంది. మార్చి 31కి టాలీలో మా కరెంట్ అకౌంట్ లెడ్జర్ 4,86,250 డెబిట్ చూపిస్తోంది. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో 5,18,632.30 ఉంది. తేడా 32,382.30. మార్చి 1న మాత్రం రెండూ పైసాతో సహా ఒకటే. రెండింటినీ ఎక్సెల్‌లోకి తెచ్చి, మొత్తాల మీద VLOOKUP పెట్టి రెండు వైపుల నుంచీ వెతికాను. దొరికితే OK, లేకపోతే NO. NO వచ్చినవి ఐదే. లెడ్జర్‌లో మేం ఇచ్చిన 38,000 చెక్కు, 46,500 చెక్కు. బ్యాంకులో 45,600 చెక్కు, 18,500 జమ, 17.70 ఖర్చు. వీటి ప్రకారం తేడా 57,382.30 ఉండాలి. ఉన్నదానికంటే సరిగ్గా 25,000 ఎక్కువ. లెడ్జర్‌లో 25,000 వసూళ్లు నాలుగున్నాయి, నాలుగింటికీ OK వచ్చింది. రెండు రాత్రులు కూర్చున్నాను, తేలలేదు. ఓనర్ గారేమో "ఆ పాతిక వేలు సస్పెన్స్‌లో వేసెయ్యమ్మా, ఆడిటర్ గారు అడిగితే చూద్దాం" అంటున్నారు. నాకు ముందు ఇరవై ఏళ్లు చేతితో టిక్కులు పెట్టి చేసిన పెద్ద గుమస్తా గారు "కంప్యూటరు లెక్కలు ఇంతే" అని నవ్వుతున్నారు. తప్పు నాదా, ఫార్ములాదా? సస్పెన్స్‌లో వేయవచ్చా? పార్టీల పేర్లు తీసేసి రెండు షీట్లూ పంపుతున్నాను.

– పేరు వద్దండి, గుంటూరు

జవాబు: పెద్ద గుమస్తా గారి నవ్వుకు కోపం తెచ్చుకోకండి. మీ చిక్కుకు జవాబు ఆయన టిక్కులోనే ఉంది.

చేత్తో టిక్కు పెట్టే మనిషి ఏం చేస్తాడో గుర్తుచేసుకోండి. లెడ్జర్‌లో 25,000 కనిపిస్తే పాస్‌బుక్కులో 25,000 వెతికి, రెండు చోట్లా పెన్సిలు గీత పెడతాడు. తర్వాత మరో 25,000 వస్తే మళ్లీ వెతుకుతాడు గానీ, ఒకసారి గీత పడిన వరస వంక చూడడు. అది వాడేసిన వరస. నేను కూడా ఎరుపు, ఆకుపచ్చ పెన్సిళ్లతోనే ఈ పని నేర్చుకున్నాను.

VLOOKUP చేతిలో పెన్సిలు లేదు. "ఈ మొత్తం అవతల ఎక్కడైనా ఉందా?" అన్న ఒక్క ప్రశ్నకే అది జవాబు చెబుతుంది. ఉంటే పైనుంచి మొదట కనిపించినదాన్ని చూపించి ఆగిపోతుంది. మీ లెడ్జర్‌లో నాలుగు పాతిక వేలున్నాయి కదా, నాలుగుసార్లు అడిగారు, నాలుగుసార్లూ అది మార్చి 6 నాటి జమనే చూపించి OK అంది. బ్యాంకు షీట్లో 25,000 జమలు ఎన్నో లెక్కపెట్టండి. 6న ఒకటి, 24న ఒకటి, 31న ఒకటి. మూడే. నలుగురు ఆడే కుర్చీలాటలో మూడే కుర్చీలున్నా అందరూ కూర్చున్నట్టే కనిపించారు, ఎందుకంటే అందరూ కూర్చున్నది ఒకే కుర్చీలో. బ్యాంకు వైపు నుంచి అడిగినా అంతే, ఆ మూడింటికీ లెడ్జర్‌లో 25,000 దొరుకుతుంది. అందుకే రెండు వైపుల నుంచీ వెతికినా ఏ NO రాలేదు. మీరు ఫార్ములా తప్పు రాయలేదు. చివర సున్నా కూడా పెట్టారు, అది పెట్టకపోతే VLOOKUP దగ్గరి విలువనే సరిపోయిందంటుంది. మీరు అడిగిన ప్రశ్న వేరు, మీకు కావలసిన ప్రశ్న వేరు, అంతే.

కావలసిన ప్రశ్న ఏమిటంటే, "ఇది ఈ నెలలో ఎన్నో పాతిక వేలు? అవతల అన్నో పాతిక వేలు ఉందా?" దీనికి ముందు రెండు షీట్లూ ఒకే భాష మాట్లాడాలి. మనకు డెబిట్ అయినది బ్యాంకుకు క్రెడిట్. డెబిట్లు ఒకచోట, క్రెడిట్లు ఒకచోట వెతికే బదులు ప్రతి షీట్లోనూ F కాలమ్‌లో ఒకే మొత్తం చేసుకోండి, వచ్చింది ప్లస్, పోయింది మైనస్. మీ షీట్లలో D డెబిట్, E క్రెడిట్ కాబట్టి లెడ్జర్‌లో మొదటిది, బ్యాంకు షీట్లో రెండోది:

```
=ROUND(D2-E2,2)
=ROUND(E2-D2,2)
```

ROUND ఎందుకంటే, పైసలున్న తీసివేతల్లో ఎక్సెల్ లోపల ఎక్కడో పదో పన్నెండో దశాంశంలో చిన్న తోక మిగులుతుంది. కంటికి 17.70గానే కనిపిస్తుంది, పోల్చేటప్పుడు మాత్రం ఒకటి కాదంటుంది. ఈ కాలమ్‌లో ఎక్కడైనా #VALUE! వస్తే బెదరకండి, ఆ వరసలో అంకె స్థానంలో ఖాళీ జాగానో గీతో అక్షరమో ఉందన్నమాట. దాన్ని అక్కడే సరిచేయండి, దాచే ఫార్ములా పెట్టకండి.

ఇప్పుడు G కాలమ్‌లో టిక్కు పెట్టే పనిముట్టు. రెండు షీట్లలోనూ ఇదే:

```
=F2&"|"&COUNTIF(F$2:F2,F2)
```

F$2 దగ్గర డాలరు గుర్తు ఒక్కచోటే ఉంది చూడండి. అందువల్ల ఫార్ములాను కిందికి లాగేకొద్దీ మొదలు కదలదు, చివర మాత్రం కదులుతుంది. మొదటి పాతిక వేలకు 25000|1 అని, రెండోదానికి 25000|2 అని పడుతుంది. మీ లెడ్జర్‌లో 25000|4 వరకూ వస్తుంది, బ్యాంకులో 25000|3తో ఆగుతుంది. ఇక H కాలమ్‌లో లెడ్జర్ నుంచి వెతుకులాట:

```
=IFERROR(MATCH(G2,Bank!G:G,0),"లేదు")
```

VLOOKUP బదులు MATCH ఎందుకంటే, ఇది OK అనడంతో సరిపెట్టకుండా అవతలి షీట్లో ఎన్నో వరసలో ఉందో అంకె చెబుతుంది. అనుమానం వస్తే నేరుగా ఆ వరసకే పోవచ్చు. బ్యాంకు షీట్లో ఇదే ఫార్ములాలో Bank బదులు Ledger అని రాయండి. తర్వాత రెండు షీట్లలోనూ H మీద ఫిల్టరు పెట్టి "లేదు" అన్నవి మాత్రమే చూడండి. మీ షీట్ల మీద నేను చేసి చూశాను. మీ ఐదూ వచ్చాయి, వాటితోపాటు ఆరోది, లెడ్జర్‌లో మార్చి 30 నాటి 25,000.

జాబితా పూర్తయిందని ఎలా తెలుస్తుంది? దానికి పరీక్ష ఒకటే. పక్కన ఒక సెల్‌లో ఇది వేయండి:

```
=SUMIF(Bank!H:H,"లేదు",Bank!F:F)-SUMIF(Ledger!H:H,"లేదు",Ledger!F:F)
```

బ్యాంకులో మిగిలినవి కూడితే మైనస్ 27,117.70. లెడ్జర్‌లో మిగిలినవి కూడితే మైనస్ 59,500. మొదటిదాంట్లోంచి రెండోది తీసేస్తే 32,382.30, మీ తేడా సరిగ్గా అదే. ఈ అంకె, నిల్వల తేడా ఒకటయ్యేదాకా జాబితా పూర్తి కాదు, ఎన్ని OKలు వచ్చినా సరే. మార్చి 1న రెండు నిల్వలూ ఒకటే కాబట్టి మీకు ఇక్కడితో సరిపోయింది. వచ్చే నెల అలా ఉండదు. మార్చిలో తేలనివాటిని ఏప్రిల్ షీట్ల మొదట్లో ఏ వైపువి ఆ వైపు అతికించి మొదలుపెట్టండి. లేకపోతే ఏప్రిల్లో పాసయ్యే 38,000 చెక్కుకు లెడ్జర్‌లో జంట దొరకక మళ్లీ రాత్రుళ్లు కూర్చోవాల్సి వస్తుంది.

ఇక్కడితో ఆపేస్తే మీకు అన్యాయం చేసినవాణ్ణవుతాను. ఎందుకంటే ఆరోది దొరికింది గానీ, దొరికింది అసలు దొంగ కాదు.

మార్చి 30న వచ్చిన 25,000, 31లోపు బ్యాంకులో పడలేదు అంటే వినడానికి ఎంత నమ్మకంగా ఉందో చూడండి. నెలాఖరు, ఒక్కరోజు తేడా. "డిపాజిట్ చేసిన చెక్కు, ఇంకా జమ కాలేదు" అని రాసేస్తే ఎవరూ అడగరు. కానీ మన ఫార్ములా లెక్కపెట్టింది మనుషుల్ని కాదు, అంకెల్ని. ఒకే మొత్తం నాలుగుసార్లుండి అవతల మూడే ఉంటే, మిగిలేది ఎప్పుడూ వరసలో చివరిదే. నిజంగా రానిది మొదటిదైనా, రెండోదైనా ఫార్ములా చివరిదాన్నే చూపిస్తుంది. పాతిక వేలు ఒకటి రాలేదన్నది పక్కా. ఏది రాలేదన్నది ఇంకా తేలలేదు.

అది తేలాలంటే మొత్తం వదిలేసి గుర్తును పట్టుకోవాలి, అంటే చెక్కు నంబరు, NEFT అయితే UTR. మీ టాలీ ఎంట్రీల్లో ఇవి చాలావరకు రాసి ఉన్నాయి. మీ ముందున్నవారు నేర్పినట్టున్నారు, మంచి అలవాటు. ఇంతకీ మీరు మొదట వీటి మీద ఎందుకు వెతకలేదో ఊహించగలను. పెట్టి చూసి ఉంటారు, సగానికి పైగా #N/A వచ్చి ఉంటుంది, వదిలేసి ఉంటారు. మీ షీట్లలో దానికి రెండు కారణాలు కనిపించాయి. లెడ్జర్‌లో 417 అని అంకెగా ఉన్న చెక్కు, అదే చెక్కు పుస్తకంలో 000417. బ్యాంకు తన షీట్లో చెక్కు నంబర్లన్నిటినీ అలా సున్నాలతో అక్షరాల రూపంలో ఇస్తుంది. మనకు ఒకటే, ఎక్సెల్‌కు కాదు. రెండోది కంటికి కనిపించనిది. బ్యాంకు రెఫరెన్సుల వెనక ఖాళీ జాగాలున్నాయి. ఒక సెల్ మీద =LEN(C2) వేసి చూడండి, ఆరంకెల చెక్కు నంబరుకు 7 అనో 9 అనో వస్తే అదే. వీటిలో కొన్ని TRIMకు కూడా లొంగని రకం, వాటికి CHAR(160) అని పేరు. రెంటికీ కలిపి I కాలమ్‌లో రెండు షీట్లలోనూ ఇది పెట్టండి:

```
=TEXT(TRIM(SUBSTITUTE(C2,CHAR(160),"")),"000000")
```

చెక్కు నంబర్లన్నీ ఆరంకెలవుతాయి, అక్షరాలున్న UTRలు అలాగే ఉంటాయి. ఇప్పుడు లెడ్జర్ షీట్లో J కాలమ్‌లో:

```
=IF(I2="","",IFERROR(MATCH(I2,Bank!I:I,0),"లేదు"))
```

UTR మీ బ్యాంకు రెఫరెన్సు కాలమ్‌లో కాకుండా వివరణ మధ్యలో ఇరికించి ఇస్తోంది. అలాంటివాటికి వివరణ లోపల వెతకాలి, దానికి నక్షత్రం గుర్తు పనికొస్తుంది. పై ఫార్ములాతో "లేదు" వచ్చిన NEFT వరసల్లో మాత్రమే, Jలోనే దాని బదులు ఇది వేయండి:

```
=IF(LEN(I2)<12,"",IFERROR(MATCH("*"&I2&"*",Bank!B:B,0),"లేదు"))
```

12 కంటే చిన్నవాటిని ఎందుకు వదిలేశానంటే, నక్షత్రాల మధ్య ఆరంకెల చెక్కు నంబరు పెడితే అది ఇంకెవరి UTR మధ్యలోనో కనిపించి సరిపోయిందంటుంది. సెల్ ఖాళీగా ఉంటే మరీ ఘోరం, రెండు నక్షత్రాలు కలిసి మొట్టమొదటి వరసనే పట్టుకొస్తాయి. NEFT UTR పదహారు అక్షరాలు, RTGSది ఇరవై రెండు, UPI నంబరు పన్నెండు. కాబట్టి ఆ గీత సరిపోతుంది.

ఇప్పుడు నాలుగు పాతిక వేల దగ్గర H, J రెండు కాలమ్‌లనూ పక్కపక్కన పెట్టి చదవండి. మార్చి 5దానికి రెండూ బ్యాంకు 6వ తేదీ వరసనే చెబుతున్నాయి. మార్చి 12 చెక్కుకు H 24వ తేదీ జమను చూపిస్తోంది, J మాత్రం "లేదు" అంటోంది. 21 నాటి చెక్కుకు H 31వ తేదీ జమ అంటోంది, J 24దంటోంది. 30దానికి H "లేదు", J మాత్రం 31వ తేదీ వరస. అంటే 24న పడినది 21 నాటి చెక్కు. 31న పడినది 30న పార్టీ "వేశాను" అని ఫోన్ చేయగానే మీరు రాసుకున్న NEFT. బ్యాంకుకు అసలు చేరనిది మార్చి 12 నాటి చెక్కు. H, J ఎక్కడ ఒకరికొకరు ఎదురు చెప్పుకుంటే అక్కడ Jను నమ్మండి, మీ కళ్లతో వివరణ చదివి ఖాయం చేసుకోండి. J ఖాళీగా ఉన్నచోట మాత్రమే Hతో సరిపెట్టుకోవాలి.

తేదీని కూడా మొత్తంతో కలిపి వెతికితే ఈ గొడవ ఉండదు కదా అనిపించవచ్చు. చెక్కుల దగ్గర అది పనిచేయదు. మీరు రాసిన రోజు, బ్యాంకు పాస్ చేసిన రోజు ఎప్పుడూ ఒకటి కావు. తేదీ కలిపితే మొత్తం జాబితా "లేదు"తో నిండిపోతుంది. క్యూఆర్, స్వైపు మెషీను డబ్బులు రోజుకు ఒకే మొత్తంగా జమ పడే షాపులకు మరో చిక్కు ఉంది. అక్కడ లెడ్జర్ వైపు SUMIFSతో రోజు మొత్తం కట్టుకున్నాకే వెతకాలి, విడివిడి బిల్లులకు ఏ ఫార్ములా జంట చూపించదు. మీ షీట్లో అవి లేవు, వదిలేద్దాం.

ఇక ఓనర్ గారి సస్పెన్స్ మాట. వేయవచ్చు, టాలీ ఆపదు. వేస్తే ఏమవుతుందో చూడండి. సస్పెన్స్ డెబిట్, బ్యాంకు క్రెడిట్ అవుతుంది. బ్యాంకు నిల్వ చక్కగా సరిపోతుంది. కానీ ఆ పార్టీ ఖాతాలో మార్చి 12న 25,000 జమ అలాగే ఉంటుంది, అంటే మన పుస్తకాల ప్రకారం ఆయన బాకీ తీర్చేశాడు. బాకీల జాబితాలో ఆయన పేరు రాదు, వసూలుకు వెళ్లే కుర్రాడు అడగడు, మీరూ అడగరు. చెక్కేమో ఎక్కడో సొరుగులో ఉంటుంది. చెక్కు దాని మీద ఉన్న తేదీ నుంచి 3 నెలలే చెల్లుతుంది, 2012 ఏప్రిల్ 1 నుంచి రిజర్వు బ్యాంకు పెట్టిన నిబంధన అది. మార్చి 12 చెక్కు జూన్ రెండో వారంలో కాగితం అయిపోతుంది. ఓనర్ గారికి సస్పెన్స్ సంగతి ఇలా చెప్పండి. "లెక్క తేలలేదు" అంటే ఆయన విసుక్కుంటారు, "మనకు రావలసిన పాతిక వేలు అడగకుండా వదిలేస్తున్నాం" అంటే వింటారు.

రెండో దారి, ఏ ఎంట్రీ వేయకుండా బ్యాంకు సమన్వయ పట్టికలో "డిపాజిట్ చేసినా జమ కానిది" అని 25,000 చూపడం. చెక్కు 30వ తేదీదైతే అదే సరైన పని. 12వ తేదీదానికి అది నిలవదు. ఆడిటర్ గారు మొదట అడిగేది ఏప్రిల్ స్టేట్‌మెంటే, మార్చిలో జమ కానివన్నీ ఏప్రిల్ మొదటి వారంలో పడ్డాయో లేదో చూడడానికి. క్లియరింగుకు వెళ్లిన చెక్కు పందొమ్మిది రోజులు గాల్లో ఉండదు. నేను ఒకప్పుడు ఒక షాపులో ఇలాగే "దారిలో ఉంది" అని రాసి వదిలేశాను. వరసగా మూడు నెలలు అదే చెక్కు దారిలోనే ఉంది. నాలుగో నెల ఆడిటర్ గారు "ఏమయ్యా, నడిచి వస్తోందా?" అని అడిగారు. ఆ మాట ఇప్పటికీ చెవిలో ఉంది.

మూడో దారి, చెక్కు ఏమైందో కనుక్కుని దానికి తగ్గ ఎంట్రీ వేయడం. ఇందులో జవాబును బట్టి ఎంట్రీ మారుతుంది. మీకు వేరే బ్యాంకులో కూడా ఖాతా ఉందని షీట్లో ఒక బదిలీ వరస చూస్తే అర్థమైంది. ముందు ఆ స్టేట్‌మెంట్‌లో మార్చి 12 తర్వాత 25,000 ఉందేమో చూడండి. వసూలు కుర్రాడు ఆ దారిన పోతూ అక్కడ వేసి ఉంటే, టాలీలో ఒక బ్యాంకు బదులు ఇంకో బ్యాంకు మార్చడంతో సరి. ఇలాంటివి నేను చూసినవాటిలో ఎక్కువ భాగం ఇలాగే తేలాయి. అక్కడ లేకుండా చెక్కు షాపులోనే దొరికితే, మార్చి 31న అది బ్యాంకు డబ్బు కాదు, చేతిలో ఉన్న చెక్కు. "చెక్స్ ఇన్ హ్యాండ్" డెబిట్, బ్యాంకు క్రెడిట్ వేయండి, పార్టీ ఖాతా కదపక్కర్లేదు, చెక్కును మాత్రం ఆ రోజే వేయించండి. చెక్కు ఎక్కడా లేదంటే పార్టీ ఖాతాకు డెబిట్, బ్యాంకుకు క్రెడిట్ వేసి బాకీని తిరిగి నిలబెట్టాలి. ఆయనకు ఫోన్ చేసి, ఆ చెక్కుకు స్టాప్ పేమెంట్ పెట్టించి NEFT అడగాలి. మీ మీదకు వస్తుందేమో అని భయం ఉంటే, ఫోన్ మీరు కాక ఓనర్ గారు చేస్తేనే మర్యాద.

చెక్కు బౌన్సయి ఉంటుందేమో అన్న అనుమానం పెట్టుకోకండి. బౌన్సయితే స్టేట్‌మెంట్‌లో జమ పడి వెనక్కి పోయిన వరసలైనా, కనీసం రిటర్న్ చార్జీ అయినా ఉండేది. మీ మార్చి షీట్లో అలాంటి చార్జీ లేదు.

మిగతా ఐదూ తేలిక. 46,500, 45,600 రెండూ ఒకే చెక్కు, నంబరు చూస్తే తెలిసిపోతుంది. రాసేటప్పుడు 5, 6 తారుమారయ్యాయి. ఇలా అంకెలు తారుమారైన తేడా ఎప్పుడూ 9తో భాగింపబడుతుంది, ఇక్కడ 900. లెడ్జర్‌లో ఒకటి, బ్యాంకులో ఒకటి జంట లేకుండా మిగిలి వాటి తేడా 9తో పోతే ముందు ఈ అనుమానమే పెట్టుకోండి. చెక్కు పుస్తకం కౌంటర్‌ఫాయిల్ చూసి 45,600 అని ఖాయం చేసుకున్నాక వోచరు దిద్దండి. 18,500 ఎవరిదో వివరణలో పేరుంటుంది, ఆయన ఖాతాకు జమ చేయండి. అయితే ఆయనకు ఒక రసీదు ఇప్పటికే నగదు కింద రాసేసి ఉన్నారేమో చూశాకే. 17.70 అంటే 15 రూపాయల ఎస్ఎంఎస్ చార్జీ, దాని మీద 18 శాతం జీఎస్టీ 2.70. ఇవన్నీ రాశాక, 25,000 కూడా బ్యాంకు లెడ్జర్‌లోంచి తీశాక మీ నిల్వ 4,80,632.30 అవుతుంది. దానికి ఇంకా బ్యాంకుకు రాని 38,000 చెక్కు కలిపితే 5,18,632.30. ఆడిటర్ గారికి వెళ్లే పట్టికలో అప్పుడు ఒకే ఒక్క వరస ఉంటుంది.

టాలీలోనే Bank Reconciliation ఉంది కదా, ఈ తిప్పలెందుకు అని ఎవరైనా అంటే అదీ నిజమే. ప్రతి వరసకూ బ్యాంకు తేదీ ఇచ్చుకుంటూ పోతే, తేదీ ఇవ్వనివి అదే మిగుల్చుతుంది, అది పెద్ద గుమస్తా గారి పెన్సిలు గీతే. నెలకు యాభై అరవై ఎంట్రీలైతే నేనూ అదే చేయమంటాను. మీకు మార్చిలో మూడు వందలు దాటాయి కాబట్టి షీట్లో తేల్చుకుని, తేలినవాటికి టాలీలో తేదీలివ్వడం సుఖం.

రేపు షాపు తెరవగానే ఫార్ములాల దగ్గర కూర్చోకండి. బ్యాంకు డిపాజిట్ స్లిప్పుల పుస్తకం తీసి మార్చి 12, 13 కౌంటర్‌ఫాయిళ్లు చూడండి. 25,000కు స్లిప్పే లేకపోతే చెక్కు షాపు దాటలేదు, సొరుగులు వెతకాలి. స్లిప్పు ఉండి దాని మీద బ్యాంకు ముద్ర ఉంటే, అది పట్టుకుని బ్యాంకుకు వెళ్లండి. అప్పుడు జవాబు చెప్పాల్సింది మీరు కాదు, వాళ్లు.